ఇంటికి వెళ్ళాక పెద్దాయనను చూసుకునే విధానం: కుటుంబానికి డిశ్చార్జి సూచనల పత్రం

పేషెంటు: పురుషుడు, వయసు 62, కార్డియాలజీ మగవారి వార్డు, 14వ బెడ్
చేరిన తేదీ: 05-06-2025
డిశ్చార్జి: 12-06-2025, గురువారం
ఇంటికి వెళ్ళేనాటి బరువు: 61.4 కిలోలు. బీపీ: 110/70. నాడి: 72. క్రియాటినిన్: 1.4. పొటాషియం: 4.3

అమ్మా, బాబూ, కోడలమ్మా! ఇంగ్లీషులో ఇచ్చిన సమ్మరీ డాక్టర్ల కోసం. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు దాన్ని చూపించండి. ఈ కాగితం మాత్రం మీ కోసం. వంటింట్లోనో, మందుల డబ్బా పక్కనో, అందరికీ కనిపించేచోట అంటించండి.

ఏం జరిగింది

రెండేళ్ళ కిందట వచ్చిన గుండెపోటుతో పెద్దాయన గుండె కండరంలో కొంత భాగం దెబ్బతింది. అప్పుడు వేసిన స్టెంట్ ఇప్పటికీ బాగానే ఉంది. అయితే ఆ దెబ్బ వల్ల గుండెకు బలం తగ్గింది. సమ్మరీలో ఇ.ఎఫ్. 30 శాతం అని ఉంది చూడండి: గుండె నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో 30 శాతమే ఒక్కో దెబ్బకు బయటికి వెళ్తోందన్నమాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది 55 శాతం పైన ఉంటుంది. గుండె ఆగిపోతోందని దీనికి అర్థం కాదు. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటే చాలామందిలో బలం కొంత తిరిగి వస్తుంది.

బలం తగ్గిన గుండె ఉన్నవాళ్ళ ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు కాళ్ళలోకి, తర్వాత పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పడుకుంటే ఆయాసం, రాత్రి దగ్గు, లేచి కూర్చుంటే ఊరట అందుకే. చేరిన రోజున బరువు 66.2 కిలోలు. తగ్గిన 4.8 కిలోలూ దాదాపు నీరే.

నీరు ఎందుకు చేరిందో మీతో మాట్లాడాక నాలుగు కారణాలు కనిపించాయి. ఆయాసం లేదని మార్చి నుంచి గుండె మందులు ఆపేయడం, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ళలు వాడటం, కొత్త ఆవకాయ, మూడు మందులు కలిసిన పాత షుగర్ బిళ్ళ. ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న వద్దు. ఆ షుగర్ బిళ్ళ డాక్టరు రాసిందే, నొప్పి బిళ్ళ నొప్పి భరించలేక వేసుకున్నదే. ఇకమీద ఈ నాలుగూ మళ్ళీ జరగకుండా చూసుకుందాం.

రోజూ పొద్దున బరువు చూడాలి

ఈ కాగితంలో ఒక్క పనే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి. నీరు చేరుతున్న సంగతి కాళ్ళ వాపు కంటే, ఆయాసం కంటే ముందు బరువులో తెలుస్తుంది. అప్పుడే ఫోన్ చేస్తే చాలాసార్లు బిళ్ళ మార్చి ఇంట్లోనే సరిచేయవచ్చు. ఆయాసం వచ్చేదాకా ఆగితే మళ్ళీ ఆక్సిజన్, మళ్ళీ అడ్మిషన్.

డిజిటల్ బరువు మిషన్ ఒకటి కొనండి. గట్టి నేల మీద పెట్టండి, మంచం పక్కన చాప మీద వద్దు. పెద్దాయన లేచి మూత్రానికి వెళ్ళి వచ్చాక, కాఫీ తాగకముందు, లుంగీ బనీనుతో నిలబెట్టండి. వచ్చిన అంకెను గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. ఎవరు రాయాలో ఇవాళే ఒకరిని అనుకోండి. ఇంట్లో మొదటి రోజు వచ్చిన అంకె మీ మిషన్ లెక్క. అక్కడి నుంచి

ఒక్క రోజులో 1 కిలో పెరిగినా,
మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా

పెద్దాయన బాగానే ఉన్నానన్నా సరే, ఆ రోజే వార్డుకు ఫోన్ చేయండి. నంబరు మందుల కవరు మీద రాసి ఉంది, రాత్రిపూట కూడా ఎత్తుతారు.

మందులు

ఉదయం 8 గంటలకు, టిఫిన్ తిన్నాక:
టోర్సెమైడ్ 20 – ఒకటి. ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి. రెండు మూడు గంటలు మూత్రం ఎక్కువ వస్తుంది.
స్పైరోనోలాక్టోన్ 25 – ఒకటి. నీరు చేరకుండా, గుండె కండరాన్ని కాపాడటానికి.
డాపాగ్లిఫ్లోజిన్ 10 – ఒకటి. గుండెకూ షుగర్‌కూ. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మూత్రానికి వెళ్ళాక ఆ చోటు నీళ్ళతో కడుక్కోవాలి. దురద, మంట, ఎరుపు వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి.
కార్వెడిలాల్ 3.125 – ఒకటి. గుండె వేగాన్ని, భారాన్ని తగ్గించడానికి.
మెట్‌ఫార్మిన్ 500 – ఒకటి. షుగర్‌కు.

మధ్యాహ్నం భోజనం తర్వాత:
ఆస్పిరిన్ 75 – ఒకటి. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా.

రాత్రి భోజనం తర్వాత:
కార్వెడిలాల్ 3.125 – ఒకటి.
మెట్‌ఫార్మిన్ 500 – ఒకటి.
రామిప్రిల్ 2.5 – ఒకటి. బీపీకి, గుండె బలానికి. పొడి దగ్గు పట్టుకుంటే చెప్పండి, వేరే మందు ఉంది.
అటోర్వాస్టాటిన్ 40 – ఒకటి. కొవ్వుకు.

జన ఔషధి దుకాణంలో కొన్నా ఇబ్బంది లేదు. అట్ట మీద కంపెనీ పేరు మారవచ్చు గాని, మందు పేరు, మిల్లీగ్రాములు ఇవే ఉండాలి. ఒక పూట మరచిపోతే రెండు మూడు గంటల్లో గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. అంతకన్నా ఆలస్యమైతే ఆ పూట వదిలేయండి. రెండు పూటలవి ఒకేసారి వేయకండి.

ఆయాసం తగ్గాక "ఇంకెందుకు ఇన్ని బిళ్ళలు" అని పెద్దాయన తప్పకుండా అంటారు. ఆయాసం లేకుండా ఉన్నది ఆ బిళ్ళల వల్లే. ముఖ్యంగా కార్వెడిలాల్ ఒక్కసారిగా మానేయకూడదు. వచ్చే నెలల్లో కార్వెడిలాల్, రామిప్రిల్ డోసు కొంచెం కొంచెంగా పెంచుతాం. పెంచామంటే జబ్బు ముదిరిందని కంగారు పడకండి, ఈ మందులు ఇచ్చే పద్ధతే అది.

మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. తల తిరగడం మొదటి వారంలో కొద్దిగా ఉండవచ్చు.

ఇంట్లో ఉన్న పాత మందులు

ఇవాళ ఇంటికి చేరగానే పాత డబ్బా బయటికి తీయండి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటాజోన్ కలిసిన షుగర్ బిళ్ళ ఆపేశాం. అందులోని పయోగ్లిటాజోన్ ఒంట్లో నీరు నిలిపే మందు, ఈ గుండెకు పనికిరాదు. ఆమ్లోడిపిన్ 5 కూడా ఆపేశాం, బీపీకి ఇప్పుడు ఇచ్చినవి సరిపోతాయి. డైక్లోఫెనాక్ అసలే వద్దు. ఈ మూడింటినీ విడిగా ఒక కవర్లో కట్టి, చెకప్‌కు వచ్చేటప్పుడు తీసుకురండి.

నొప్పి ఇంజెక్షన్లు, సెలైన్ బాటిళ్ళు

మీ ఊళ్ళో వైద్యం చేసే ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి. ఆయన మీద మాకు గౌరవమే. రాత్రివేళ మొదట పలికేది ఆయనే.

డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు బిళ్ళగా గాని సూదిగా గాని ఇవ్వవద్దు. అవి ఉప్పును, నీటిని ఒంట్లో ఆపుతాయి, ఇప్పటికే కొంచెం దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మోకాళ్ళ నొప్పికి పారాసెటమాల్ 500 ఒకటి, రోజుకు మూడుకు మించకుండా ఇవ్వవచ్చు. వేడినీళ్ళ కాపడం మంచిదే.

నీరసంగా ఉన్నారని సెలైన్ ఎక్కించవద్దు. ఒక బాటిల్ అంటే అర లీటరు ఉప్పునీరు నేరుగా రక్తంలోకి పోయడమే. ఈ గుండె దాన్ని తట్టుకోలేదు, ఆ రాత్రికే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. నీరసం ఉంటే బీపీ, షుగర్ చూసి మాకు ఫోన్ చేయండి.

ఉప్పు, నీళ్ళు

పెద్దాయనకు రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, తల కొట్టి. అంటే 5 గ్రాముల లోపే. పొద్దునే ఆ చెంచా ఉప్పును చిన్న గిన్నెలో విడిగా పెట్టుకుని, ఆయన కూరలో, పప్పులో, చారులో అదే వాడండి. గిన్నె ఖాళీ అయితే ఇక లేదు. పెరుగన్నంలో ఉప్పు కలపవద్దు.

ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఉప్పు పట్టించిన వడియాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపలు, మిక్చర్, బేకరీ సరుకులు ఆపేయాలి. నలభై ఏళ్ళుగా ఆవకాయ ముద్దతో భోజనం మొదలుపెట్టిన మనిషికి ఇది చిన్న కష్టం కాదు. అందుకే జాడీ ఆయన కళ్ళ ముందు పెట్టి మీరంతా తినకండి. నిమ్మరసం, పచ్చిమామిడి, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, ఇంగువ పోపు – వీటితో రుచి తెప్పించవచ్చు. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కొనవద్దు. అందులో చాలావాటిలో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ వాడేవారికి పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్ళు కూడా అందుకే వద్దు. పరామర్శకు వచ్చేవాళ్ళు బోండాలు తెస్తే మనవలకు ఇవ్వండి.

రోజుకు అన్నీ కలిపి లీటరున్నర నీరు. కాఫీ, మజ్జిగ, చారు, జావ కూడా లెక్కే. లీటరున్నర నీళ్ళ సీసా పొద్దున నింపి పెట్టండి. ఆయన కాఫీయో మజ్జిగో తాగిన ప్రతిసారీ అంతే నీళ్ళు సీసాలోంచి తీసేయండి. మిగిలిందే ఆయన తాగాల్సింది. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మేయాలి, లేదా ఒక లవంగం చప్పరించాలి.

వాంతులు, విరేచనాలు, ఉపవాసం

వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సరిగా లేని రోజు టోర్సెమైడ్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, రామిప్రిల్ – ఈ ఐదూ ఆపి, అదే రోజు మాకు ఫోన్ చేయండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో మేం చెప్తాం. తొలి ఏకాదశి వస్తోంది. ఈ ఏడు పెద్దాయన ఉపవాసం వద్దు.

పని, నడక

ఇంట్లో, వరండాలో రోజుకు రెండు పూటలా ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారం వారం పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే కూర్చోవాలి. తొలకరి పనులకు పొలం వెళ్తానంటారు. గట్టు మీద నీడలో కూర్చుని చూసి రావచ్చు గాని పార పట్టడం, బస్తాలు ఎత్తడం ఇప్పుడే వద్దు. బీడీ, మద్యం పూర్తిగా ఆపాలి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

కూర్చున్నా తగ్గని ఆయాసం, పది నిమిషాలకు మించిన ఛాతీ నొప్పి లేదా బరువు, స్పృహ తప్పడం, గులాబీ రంగు నురగ కఫం, పెదవులు నీలంగా మారడం, పెదవులో నాలుకో ఒక్కసారిగా వాయడం. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా చూడవద్దు, బండి మీద కూర్చోబెట్టి తేవద్దు. అంబులెన్స్ వచ్చేదాకా కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నీళ్ళు తాగించవద్దు.

ఆ రోజే వార్డుకు ఫోన్ చేయాల్సినవి

పైన చెప్పిన బరువు, కాళ్ళ వాపు, కొత్తగా ఇంకో దిండు కావాల్సి రావడం, రాత్రి దగ్గు, మూత్రం బాగా తగ్గడం, పై బీపీ 90 కంటే, నాడి 50 కంటే తక్కువ, షుగర్ రెండు సార్లు చూసినా 250 పైన, నల్లటి మలం.

మళ్ళీ రావాల్సిన రోజులు

18-06-2025, బుధవారం: మీ దగ్గరి ల్యాబ్‌లో క్రియాటినిన్, పొటాషియం, సోడియం పరీక్ష. ఖాళీ కడుపు అక్కర్లేదు. పొటాషియం 5.5 దాటితే ఆ రోజే ఫోన్ చేయండి.
19-06-2025, గురువారం: ఉదయం 9 గంటలకు కార్డియాలజీ ఓపీ. బస్సులో మూత్రానికి ఇబ్బంది కాబట్టి ఆ ఒక్క రోజు టోర్సెమైడ్ ఇక్కడికి వచ్చాక వేసుకోవచ్చు, మానవద్దు. మిగతా మందులు మామూలుగానే. సమ్మరీ, ఈ కాగితం, బరువు రాసిన క్యాలెండర్ షీటు, పాత మందుల కవరు, ఆరోగ్యశ్రీ కార్డు తీసుకురండి.
మూడు నెలల తర్వాత మళ్ళీ ఎకో తీస్తాం.

వార్డు వదిలే ముందు స్టాఫ్ నర్సు మిమ్మల్ని మూడు సంగతులు అడుగుతారు: బరువు ఎంత పెరిగితే ఫోన్ చేయాలి, ఏ పాత మందులు ఆపాలి, సెలైన్ ఎందుకు వద్దు. మీ మాటల్లో చెప్పండి. ఏదైనా అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించుకుని, ఆ తర్వాతే బయలుదేరండి.

– కార్డియాలజీ వార్డు డ్యూటీ డాక్టరు, స్టాఫ్ నర్సు