రేపటి ఆపరేషన్‌కి ఏ మత్తు? హెర్నియా పేషెంటుకి ముందురోజు మత్తు డాక్టరు చెప్పిన మాటలు

కూర్చోండి బాబాయ్ గారూ. పిన్నిగారూ, మీరూ ఇలా రండి, ఈ మాటలు ఇద్దరూ వింటేనే మంచిది. రేపు మీకు మత్తిచ్చేది నేనేనండి. ఆపరేషన్ చేసేది సర్జన్ గారు. మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా మీ తల దగ్గర నుంచుని మీ బీపీ, గుండె, ఊపిరి చూసుకునేది నేను.

మీ రిపోర్టులన్నీ చూశాను. బీపీ ఉంది, షుగరుంది, చుట్ట అలవాటుంది. కుడి గజ్జల్లో హెర్నియా. గజ్జ దగ్గర కోసి, బయటికి జారిన పేగుని మళ్ళీ లోపలికి నెట్టి, మెష్ అనే వల పెట్టి కుడతారు. ఈ ఆపరేషన్‌ని లోకల్, రీజనల్, జనరల్ అనే మూడు రకాల మత్తుల్లోనూ చెయ్యొచ్చు. అందుకే మీకు కాస్త విడమరిచి చెప్పాలి.

ముందు ఒక సంగతి. లోకల్ అంటే చిన్న మత్తనీ, జనరల్ అంటే పెద్ద మత్తనీ, ఎక్కువ డబ్బులు కడితే పెద్దదిస్తారనీ మన ఊళ్ళల్లో అనుకుంటారు. అది కాదండి. మూడింటికీ తేడా నొప్పిని ఎక్కడ ఆపుతామన్న దాంట్లో ఉంది. మీ చేలో నీరు తూములోంచి బోదెలోకి, బోదెలోంచి మురుగు కాలవలోకి పోతుంది కదా. నొప్పి కూడా అలాగే కోసిన చోట పుట్టి, నరాల వెంట వెన్నులోకి, అక్కణ్ణుంచి మెదడుకి పోతుంది. తూము దగ్గరే మూసేస్తే లోకల్. నాలుగు చేల నీరూ వచ్చి కలిసే కాలవ దగ్గర అడ్డుకట్ట వేస్తే రీజనల్. జనరల్‌లో నీళ్ళు వస్తూనే ఉంటాయి గానీ, చివర చూసుకునే మనిషి నిద్రలో ఉంటాడు.

లోకల్ మీకు తెలిసిందే. పన్ను పీకినప్పుడు చిగురుకి సూది వేశారే, అదే. లిగ్నోకెయిన్ అనే మందు, కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. గంటో, రెండు గంటలో ఉంటుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, అయ్యాక లేచి వెళ్ళిపోవచ్చు. హెర్నియా కూడా ఇలా చేసేవాళ్ళున్నారు. కాకపోతే మీది పాతది, పెద్దది. అంత చోటు మొద్దుబారాలంటే మందు చాలా ఎక్కించాలి. ఆ మందుకి ఒంటి బరువుని బట్టి ఒక హద్దుంది. అది దాటితే నాలుక తిమ్మిరెక్కుతుంది, చెవుల్లో హోరు వస్తుంది, ఇంకా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, గుండెకి కూడా ముప్పే. మీకది వద్దనుకుంటున్నాం.

మీకు నేను అనుకుంటున్నది రీజనల్. అందులో స్పైనల్ అంటాం, మనవాళ్ళు నడుముకి సూది అంటారు. ఇది జాగ్రత్తగా వినండి, రేపు జరగబోయేది ఇదే.

టేబుల్ మీద కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, గడ్డం గుండెకి ఆనించి వంగమంటాను. ఎంత బాగా వంగితే నా పని అంత సులువు. వీపుకి చల్లటి మందు రాస్తాను, ఒళ్ళు ఝల్లుమంటుంది, కదలకండి. ముందు పైచర్మానికి చిన్న సూది. తర్వాత వెంట్రుకలాంటి సన్నటి సూదితో, వెన్నుపాము పూర్తయిపోయాక ఇంకా కింద, దాని చుట్టూ ఉండే నీటిలోకి రెండు మూడు మిల్లీలీటర్ల మందు. చెంచాడు కూడా కాదు. 1898లో మొదలైన పద్ధతండి ఇది, ఇప్పటి సూదులు మాత్రం చాలా సన్నగా వచ్చాయి.

వెంటనే పడుకోబెడతాం. పాదాలు వెచ్చబడతాయి, కాళ్ళు బరువెక్కుతాయి, కాసేపటికి ఎత్తుదామన్నా లేవవు. భయపడకండి, అలాగే ఉండాలి. స్పిరిట్ దూది పెట్టి చల్లగా ఉందా అని అడుగుతాను, నిజం చెప్పండి. నన్ను మెప్పించడానికి "లేదండి" అనకండి. మొద్దుబారిందని తేలాకే సర్జన్ గారిని మొదలెట్టమంటాను. చెయ్యి వేసినట్టు, లాగినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండకూడదు. ఉంటే చెప్పండి. మధ్యలో తెర కడతాం కాబట్టి ఏమీ కనబడదు. వినబడకూడదంటే కునుకు పట్టే మందిస్తాను.

బీపీ కొంచెం పడిపోవచ్చు. కళ్ళు తిరిగినా, కడుపులో తిప్పినా ఆ క్షణంలోనే చెప్పండి, దానికి మందు నా చేతిలోనే ఉంటుంది. రెండు మూడు గంటలకి కాళ్ళు కదులుతాయి. నర్సమ్మ దగ్గర లేకుండా మీ అంతట మీరు మంచం దిగకండి. మూత్రం ఆలస్యం కావచ్చు. మీ వయసుకి ప్రోస్టేట్ గ్రంథి కూడా ఉబ్బి ఉండొచ్చు, బిగబట్టినట్టుంటే ఓర్చుకుని కూర్చోకుండా పిలవండి. ఇంటికెళ్ళాక లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం కొందరిలో కనిపిస్తుంది. అలా ఉంటే ఫోన్ చెయ్యండి, వైద్యం ఉంది.

పిన్నిగారూ, మీ తోడికోడలికి సిజేరియన్‌లో సూది వేసినప్పట్నుంచీ నడుం నొప్పి అన్నారు. సూది గుచ్చిన చోట నాలుగు రోజులు సలుపుతుంది, అది నిజమే. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి మాత్రం ఆ సూది కారణమని చెప్పలేం. సూది వేయించుకోని బాలింతలకీ నడుం నొప్పి వస్తూనే ఉంది. తొమ్మిది నెలల కడుపు, బిడ్డని ఎత్తుకోవడం, వంగి చాకిరీ, ఇవన్నీ ఉన్నాయి కదా.

ఇక జనరల్. చేతి నరంలోకి పాలలా తెల్లగా ఉండే మందు ఎక్కుతుంది, చెయ్యి కాస్త మండుతుంది, అర నిమిషంలో నిద్ర. ఊపిరి మందగిస్తుంది కాబట్టి గొంతులో గొట్టం వేసి, మిషన్‌తో ఊపిరి ఇస్తాం. లేచాక గొంతు గరగరగా, కొంచెం వాంతి వచ్చినట్టుగా ఉంటుంది. పొట్ట లోపల పెద్ద ఆపరేషన్లకి, పొట్టలో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్లకి మామూలుగా ఇదే కావాలి. "మత్తులోంచి లేవరేమో" అని భయపడతారు గానీ, ఒకసారి ఇచ్చేసి వదిలేసేది కాదండి అది, నిమిషం నిమిషం చూసుకుంటూ ఇస్తాం. మీ విషయంలో చుట్ట వల్ల కఫం ఉంది, అందుకే ఊపిరితిత్తులకి ఆ శ్రమ తప్పిద్దామంటున్నాను. అయినా నడుము సూది సరిగ్గా పట్టకపోతే జనరల్‌లోకే వెళ్ళాలి. అందుకే సంతకం రెండింటికీ తీసుకుంటున్నాం.

కాబట్టి సూదే కదా అని తిని రాకండి. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఆపరేషన్ 9 గంటలకి. రాత్రి 10 లోపు భోజనం ముగించండి, చేపల పులుసూ వేపుళ్ళూ ఈ పూటకి వద్దు. ఆ తర్వాత ఇడ్లీ, పాలు, టీ, ఏదీ లేదు. మంచినీళ్ళు పొద్దున 7 వరకు తాగొచ్చు. కొబ్బరినీళ్ళు నీళ్ళే కదా అనకండి, ఉత్త నీళ్ళే. షుగరు మాత్ర రేపు పొద్దున వద్దు. బీపీకి మీరు వేసుకునే అమ్లోడిపిన్ ఒక గుక్క నీటితో వేసుకోండి. చుట్ట ఇప్పట్నుంచే మానండి, ఒక్క రాత్రి మానినా రక్తం ఆక్సిజన్ బాగా మోస్తుంది.

రక్తం పల్చబడే మాత్రలేమీ వాడరని రాసుకున్నాను. ఎవరైనా గుండెకని ఇచ్చినవి ఇంట్లో ఉంటే ఇప్పుడే చెప్పండి, నడుము సూదికి అవి ప్రమాదం. మీ వాళ్ళల్లో ఎవరికైనా మత్తు పడకపోయినా చెప్పండి. పొద్దున కట్టుడు పళ్ళు, ఉంగరం, మొలతాడు తీసేసి రండి.

సరే బాబాయ్ గారూ, ఇప్పుడు మీరు చెప్పండి. రేపు పొద్దున టీ ఎప్పుడు తాగుతారు?