సబ్జెక్ట్: మంచినీటి చెరువు మోటారు, రూ. 38,500 – రేపు (బుధవారం) మధ్యాహ్నం 12 లోపు మీ అనుమతి కావాలి

కరస్పాండెంట్ గారికి, నమస్కారం.

హాస్టల్ మంచినీటి చెరువుకి కొత్త మోటారు కొనడానికి రూ. 38,500 ఖర్చుకు రేపు మధ్యాహ్నం 12 లోపు మీ అనుమతి కావాలండి. ఈ మెయిల్‌కి ‘సరే’ అని ఒక్క మాట రాస్తే చాలు. రూ. 10,000 దాటితే నా అంతట నేను ఖర్చు పెట్టలేను కాబట్టి అడుగుతున్నాను.

ఆదివారం (12వ తేదీ) రాత్రికి కాలువ కట్టేస్తున్నారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనే. ఈలోపు చెరువు నింపుకోవాలి, నింపే మోటారేమో మొన్న రాత్రి వోల్టేజీ హెచ్చుతగ్గులకి కాలిపోయింది.

నిన్న పంపిన పెద్ద మెయిల్లో ఈ సంగతి ఆరో పేరాలో, మెస్ బియ్యం లెక్కల కింద, ‘మోటారు విషయం కూడా వీలు చూసుకుని ఆలోచించగలరు’ అని రాశాను. అలా రాయడం నాదే పొరపాటు. వీలు చూసుకునేంత టైము లేదు.

ఈ ఉదయం గట్టు మీద నిలబడి కొలకర్ర దించి చూశాను. రెండు అడుగుల నీళ్లున్నాయి. అడుగున ఉన్న ఒక అడుగు బురదనీళ్లే, ఫిల్టర్‌కి పనికిరావు. అరెకరం చెరువులో అడుగు లోతంటే సుమారు 6 లక్షల లీటర్లు. పిల్లలూ స్టాఫూ కలిపి 450 మందిమి, రోజుకు 45,000 లీటర్లు వాడుతున్నాం. ఎండకి ఆవిరయ్యేది తీసేస్తే ఇప్పుడున్నది 12 రోజులకి మించి రాదు. సమ్మర్ బ్యాచ్ మే 27 దాకా ఉంటుంది. మన దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్లే కదండీ, గిన్నెలు కడగడానికి తప్ప దేనికీ పనికిరావు.

ఇంకో మూడున్నర అడుగులు నింపితే మే నెల గట్టెక్కుతాం. కొత్త మోటారు గంటకి 60,000 లీటర్లు తోడుతుంది, అంటే మొత్తం 36 గంటల పని. కరెంటు కోతలు పోను రోజుకు 12 గంటలు తోడగలం. రేపు మధ్యాహ్నం మీరు సరే అంటే సాయంత్రానికి భీమవరం నుంచి మోటారు తెస్తాం, గురువారం బిగిస్తాం, శుక్ర, శని, ఆదివారాల్లో తోడతాం. లెక్క సరిగ్గా సరిపోయింది, మిగులు లేదు. ఒక్కరోజు జారితే 7 లక్షల లీటర్లు, అంటే 16 రోజుల నీళ్లు పోయినట్టే. శివారులో ఉన్నాం కాబట్టి కట్టేశాక కాలువలో మిగిలిన నీళ్లు మన తూము దాకా రావు. లస్కరుని అడిగాను, గడువు పొడిగించే మాట వినలేదన్నాడు.

పాత మోటారు వైండింగ్ చేయిస్తే రూ. 9,000తో పోతుంది, కానీ మెకానిక్ నాలుగు రోజులు అడుగుతున్నాడు. పైగా దానికి ఇప్పటికే రెండుసార్లు వైండింగ్ అయింది. అద్దెకి ఆయిల్ ఇంజను కోసం మూడు ఊళ్లు తిరిగాం. అందరూ చెరువులు నింపుకునే వారమే కదా, ఖాళీగా ఒక్కటి కూడా లేదు. చెరువు నిండకపోతే ఇక ట్యాంకర్లే గతి: రోజుకు 5,000 లీటర్లవి తొమ్మిది, ఒక్కోటి రూ. 800. ముప్పై రోజులకే రెండు లక్షలు దాటుతుంది.

రూ. 38,500లో మోటారు 29,000, ఫుట్ వాల్వ్, సక్షన్ పైపు 6,000, స్టార్టర్, బిగింపు కూలి 3,500. కొటేషన్ జతచేశాను. షాపు వాళ్లు రేపు మధ్యాహ్నం దాకా మోటారు మనకోసం పక్కన పెడతామన్నారు.

మీరు రేపు ప్రయాణంలో ఉంటారని తెలుసు. మెయిల్ చూడడం కుదరకపోతే అకౌంటెంట్ గారికి ఫోన్లో చెప్పినా సరిపోతుంది, ఆయనకి సంగతంతా చెప్పి ఉంచాను. 11 దాకా ఏ కబురూ రాకపోతే నేనే ఒకసారి ఫోన్ చేస్తాను.

నిన్నటి మెయిల్లోని మిగతావి, అంటే మెస్ బియ్యం, బ్లాకు రంగులు, కొత్త మంచాలు, నెలాఖరులోపు ఎప్పుడు చూసినా పర్వాలేదు. వాటిని విడిగా శనివారం పంపుతాను. తూము దగ్గర గుర్రపుడెక్క మాత్రం ఈరోజే తీయిస్తున్నాను, దానికి మీ అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
హాస్టల్ ఇన్‌ఛార్జి

జత: కొటేషన్, చెరువు ఫొటోలు రెండు (కొలకర్ర మీద నీటి మట్టం కనిపిస్తుంది)