దక్షిణం వైపు ఫ్లాట్లు: గది గదికీ ఎలా ఉంటుందో

అందరికీ నమస్కారం.

ఆదివారం మీటింగ్‌లో మీ పాత బిల్డింగ్ చోట కట్టబోయే కొత్తదాని ప్లాన్ గోడకి అతికించి గంటన్నర మాట్లాడాను, అందరూ తలలూపారు, తీరా కిందకి దిగుతుంటే 203లో ఉండే పెద్దమ్మగారు నన్ను ఆపి, "ఆ గీతలు నాకేం తెలుస్తాయి బాబూ, నా మంచం ఎక్కడ పడుతుందో చెప్పు" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. అందుకే బొమ్మ లేకుండా, గేటు దగ్గర నుంచి మిమ్మల్ని చేయి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు రాస్తున్నాను. ఒక సుద్దముక్క, టేపు దగ్గర పెట్టుకుని చదవండి. చెప్పిన కొలతలు మీ ఇప్పటి హాల్లో నేల మీద గీసుకుని మధ్యలో నిలబడి చూస్తే, నేను వంద మాటలు చెప్పినా తెలియనిది ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఇది దక్షిణం వైపు వచ్చే ఐదు ఫ్లాట్ల గురించి మాత్రమే. ఉత్తరం వైపు ఫ్లాట్లకి బుధవారం విడిగా రాస్తాను. వీటినే అద్దంలో చూసినట్టు తిప్పేస్తే వంటగది నైరుతిలో పడుతుంది, మీలో ఎవరూ ఒప్పుకోరని తెలుసు, అందుకే వాటి ప్లానే వేరు.

ముందు కింద నుంచి. ఇప్పుడున్న గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళ చోట మొత్తం స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. మీ ఎనిమిది మందికి ఎనిమిది, మిగిలిన రెండూ బిల్డర్ అమ్ముకుంటాడు, కట్టే ఖర్చు అక్కడి నుంచే వస్తుంది. పార్కింగ్ నేల రోడ్డు కన్నా ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటుంది. నడిచే వాళ్ళకి పక్కన 18 అడుగుల పొడవున వాలు ఇచ్చాను, అంటే 12 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కుతారు, చక్రాల కుర్చీ ఎవరైనా ఒక్కరే తోసుకెళ్ళగలరు. లిఫ్ట్ లోపల ఏడు అడుగుల లోతు. ఇంత పెద్దది ఎందుకని బిల్డర్ రెండుసార్లు అడిగాడు. పోయిన ఏడాది మూడో అంతస్తు నుంచి ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపారని మీరే చెప్పారు కదా, స్ట్రెచర్ పడుకోబెట్టినట్టే పట్టాలి, ఇందులో తగ్గేది లేదు. మెట్లు నాలుగడుగుల వెడల్పు, ఒక్కో మెట్టు ఆరంగుళాల ఎత్తు.

లిఫ్ట్ దిగితే లాబీ. దక్షిణం వైపు తిరిగితే మీ గుమ్మం, అంటే మీ తలుపు ఉత్తర ముఖం. తలుపు మూడున్నర అడుగుల వెడల్పు, బీరువా నిలువుగా దూరుతుంది.

లోపలికి అడుగుపెట్టగానే పొడవాటి ఒకే గది, తూర్పు పడమరలు 26 అడుగులు, వెడల్పు దాదాపు 14. ఎడమ చేతి వైపు, అంటే తూర్పున, హాలు 16 అడుగులు. కుడి వైపు భోజనాల చోటు పది అడుగులు. మధ్యలో గోడ లేదు. మీ పాత హాలు 20 అడుగులు కాబట్టి ఇది చిన్నదైందని కొందరికి అనిపిస్తుంది. నిజమే, పొడవు తగ్గింది. కానీ పాతదాని వెడల్పు 12 అడుగులే, పైగా నాలుగు తలుపులు ఆ హాల్లోకే తెరుచుకునేవి, సోఫా వేయడానికి ఖాళీ గోడ దొరికేది కాదు. ఇప్పుడు దక్షిణం గోడ పదకొండు అడుగులు ఏ తలుపూ లేకుండా మీకు మిగులుతుంది. సోఫా అక్కడ. ఈశాన్యం మూల నాలుగు అడుగుల చదరంలో దేవుడి గది, దానికి ఉత్తరాన చిన్న కిటికీ ఉంది, దీపం పొగ ఇంట్లో తిరగదు.

హాలుకి తూర్పున బాల్కనీ, 13 అడుగుల పొడవు, 5 అడుగుల లోతు. ఐదు అడుగులు అంటే రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని మోకాళ్ళు తగలకుండా కూర్చోవచ్చు. నాలుగైతే అది బట్టలు ఆరేసుకునే చోటు అవుతుంది తప్ప మనిషి కూర్చునేది కాదు, మా ఆఫీసులో నేను గట్టిగా పట్టుబట్టే కొలతల్లో ఇదొకటి. దయచేసి దీన్ని తర్వాత గ్రిల్ పెట్టి, అద్దాలు పెట్టి గదిలో కలిపేసుకోకండి. ఇంట్లోకి గాలి వచ్చే పెద్ద ద్వారం అదే.

గాలి గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇల్లంతా దాని చుట్టూనే అల్లాను. ఎమ్‌వీపీ కాలనీలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది. మీలో చాలామంది వంటగది ఆగ్నేయంలోనే కావాలన్నారు. పెడితే ఏమవుతుందంటే ఆ గాలి ముందు పొయ్యి మీదకి వచ్చి, మంటని కొట్టి, తాలింపు వాసన మోసుకుని హాల్లోకి, పడకగదుల్లోకి వెళ్తుంది. ఇప్పుడు మీ ఇళ్ళలో జరుగుతున్నది అదే, అందుకే వంట చేసేటప్పుడు అందరూ కిటికీ మూసేస్తున్నారు. వాస్తులో ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యం ఒప్పుకుంటారు. కాబట్టి వంటగదిని వాయవ్యానికి మార్చాను. గాలి తూర్పున దూరి హాలు, భోజనాల చోటు దాటి చివరికి వంటగదిలోంచి బయటకి పోతుంది, వాసన కూడా దాంతోనే పోతుంది. ఆగ్నేయం మూల మనుషులు పడుకునే గదికి ఇచ్చాను.

వంటగది ఎనిమిది అడుగులు ఇటు, పది అడుగులు అటు. భోజనాల చోటు నుంచే దారి. లోపల రెండు గట్లు ఎదురెదురుగా, మధ్యలో నాలుగు అడుగుల ఖాళీ, ఇద్దరు ఒకేసారి పనిచేస్తూ ఒకరినొకరు తప్పించుకోగలరు. పొయ్యి తూర్పు గోడ గట్టు మీద, వండేవాళ్ళ ముఖం తూర్పుకే. చిమ్నీ గొట్టం పైన అటక అంచు వెంట వెళ్ళి ఉత్తరాన బయటకి పోతుంది. సింకు పడమటి గట్టు మీద కిటికీ కింద. గట్టు ఎత్తు 33 అంగుళాలు వేశాను, పొట్టిగా పొడుగ్గా ఉన్నవాళ్ళు మీ మోచేయి ఎత్తు కొలిచి పంపండి, ఇంటింటికీ మార్చడం నాకు కష్టం కాదు. వంటగది వెనక ఉత్తరాన మూడున్నర అడుగుల యుటిలిటీ: అంట్లు తోమే చోటు, వాషింగ్ మెషిన్, పైన బట్టలు ఆరేసే రాడ్లు. రెండు ఫ్లాట్ల మధ్య పది అడుగుల ఖాళీలోకి అది తెరుచుకుంటుంది. బాల్కనీ బట్టలతో నిండిపోకూడదంటే ఇది ఉండాలి.

ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర నిలబడి దక్షిణం వైపు చూడండి. చిన్న నడవ, పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. చేతులు కడుక్కునే బేసిన్ ఇక్కడే. కుడి వైపు పెద్ద పడకగది తలుపు, ఎడమ వైపు రెండో పడకగది తలుపు, ఎదురుగా కామన్ బాత్‌రూమ్. హాల్లో చుట్టాలు కూర్చుని ఉంటే బాత్‌రూమ్ నుంచి బయటకి వచ్చేవాళ్ళు ఎవరికీ కనపడరు. ఈ నడవ తీసేస్తే హాలు పెద్దదవుతుంది కదా అని ఇద్దరు అడిగారు. అవుతుంది, పాత ఇబ్బంది కూడా తిరిగి వస్తుంది.

పెద్ద పడకగది నైరుతిలో, 13 అడుగులు, 12 అడుగులు. పెద్దమ్మగారూ, మీ మంచం ఇక్కడ, దక్షిణం గోడ మధ్యలో, తల దక్షిణానికి. మంచానికి రెండు పక్కలా రెండున్నర అడుగుల కిటికీలు, తల మీద కిటికీ ఉండదు. పడమటి గోడకి మధ్యాహ్నం ఎండ కొడుతుంది కాబట్టి ఆ గోడ పొడవునా బట్టల అల్మారా పెట్టాను, వేడి ముందు దానికి తగులుతుంది, మీకు కాదు. దీని బాత్‌రూమ్ ఐదు అడుగులు, ఎనిమిది అడుగులు. మంచం దిగి ఐదారు అడుగులేస్తే తలుపు, గడప లేదు, రెండు అడుగుల తొమ్మిదంగుళాల వెడల్పు.

రెండో పడకగది ఆగ్నేయం మూలది. 11 అడుగులు, 12 అడుగులు, తూర్పున ఐదడుగుల కిటికీ, దక్షిణాన నాలుగడుగుల కిటికీ. కొలతలో చిన్నదే, ఇంట్లో మంచి గది మాత్రం ఇదే. పిల్లలకా, పెద్దవాళ్ళకా అన్నది మీ ఇష్టం. అల్మారా ఉత్తరం గోడకి పెడితే మంచం, చదువుకునే బల్ల రెండూ పడతాయి. ఆరడుగుల మంచం వేస్తే మాత్రం బల్ల ఇరుకవుతుంది, ముందే చెప్తున్నాను.

బాత్‌రూమ్ పైపుల గురించి ఒక్క మాట. నేల గుంతగా పోసి అందులో పైపులు పూడ్చేసే పద్ధతి నేను వద్దనుకున్నాను. అందులో లీకైతే ఏళ్ళ తరబడి తెలియదు, తెలిసేసరికి స్లాబు ఊచలు తుప్పు పడతాయి. మన పైపులు కింది ఇంటి బాత్‌రూమ్ కప్పు కింద, తెరవగలిగే ఫాల్స్ సీలింగ్ లోపల ఉంటాయి. అంటే మీ పైపు బాగు చేయాలంటే కింది వాళ్ళ తలుపు కొట్టాలి. ఇది మీరందరూ కలిసి ఒప్పుకోవాల్సిన విషయం, ఎవరికి ఇష్టం లేకపోయినా ఇప్పుడే చెప్పండి.

తుప్పు అంటే గుర్తొచ్చింది. మీ సజ్జలు ముక్కలుగా రాలుతున్నది ఉప్పు గాలి వల్ల, ఊచ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటుని బయటకి తోస్తుంది. మేము పగలగొట్టి చూసిన చోట ఊచ మీద కాంక్రీటు ముప్పావు అంగుళమే ఉంది. కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం సముద్రతీరంలో 45 మిల్లీమీటర్లు ఉండాలి, దానికి తగ్గకుండా పోయిస్తాం. అలాగే కిటికీలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో మీ అద్దాలు ఎలా పగిలాయో మీరు నాకు చెప్పనక్కర్లేదు, ఆ రోజు నేనూ ఇదే ఊళ్ళో బాత్‌రూమ్‌లో దాక్కున్నాను. గాలి ముందు ఒక వైపు నుంచి కొట్టి, తుపాను కన్ను దాటాక ఇంకో వైపు నుంచి కొడుతుంది, కాబట్టి ఏ గోడ కిటికీనీ తేలికగా తీసుకోలేదు. కట్టడాల మీద గాలి తాకిడి లెక్కకట్టే ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకి సెకనుకి 50 మీటర్ల గాలి లెక్క, గంటకి 180 కిలోమీటర్లు. జరిపే కిటికీలు కాకుండా, మూసి గడియ వేస్తే చట్రానికి గట్టిగా బిగుసుకునే రెక్క కిటికీలు, పగిలినా పెచ్చులు ఎగరని లామినేటెడ్ అద్దాలు. వీటికి ఖర్చు ఎక్కువ. తగ్గించాలంటే టైల్స్‌లో తగ్గించుకుందాం, అద్దాల్లో వద్దు.

చివరగా వైశాల్యం, చాలామందికి దీని మీదే టెన్షన్. అగ్రిమెంట్‌లో కనిపించే 1,250 చదరపు అడుగుల్లో లాబీ, మెట్లు, బయటి గోడలు, బాల్కనీ అన్నీ కలిసి ఉన్నాయి. కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలు, బాల్కనీ లేకుండా, లోపలి గోడలు కలుపుకుని, 920. బాల్కనీ విడిగా 65. మీ పాత ఇల్లు ఇదే లెక్కన 860.

పిల్లర్లు ఎక్కడన్నది వచ్చే సోమవారం స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఇచ్చేస్తున్నాను. ఆదివారం సాయంత్రం లోపు సుద్దతో గీసి చూసి, ఏది ఇరుగ్గా అనిపించిందో మీ ఫ్లాట్ నంబరుతో రాయండి. కాగితం మీద గోడ జరపడానికి నాకు పది నిమిషాలు చాలు. శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా నేను మీ బిల్డింగ్ టెర్రస్ మీదే ఉంటాను, అక్కడ ఈ ఫ్లాట్ మొత్తం అసలు కొలతల్లో సున్నంతో గీయిస్తున్నాను. మెట్లు ఎక్కలేని వాళ్ళు కబురు పెట్టండి, మీ హాల్లోనే గీసి చూపిస్తాను.