యాసంగి సీజన్‌కు ముందు మిల్లు కార్మికులందరికీ భద్రత నోటీసు

మిర్యాలగూడ, 7 ఏప్రిల్ 2025, సోమవారం
ఉదయం షిఫ్టు, రాత్రి షిఫ్టు, హమాలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు అందరికీ

ఈ నోటీసును షిఫ్టు మొదలయ్యే ముందు సూపర్‌వైజర్ గట్టిగా చదివి వినిపించాలి. బీహార్ నుంచి వచ్చిన వాళ్లకు మేస్త్రీ హిందీలో చెప్పాలి. అర్థం కానిది ఏదైనా ఉంటే అక్కడే అడగండి. అడిగితే ఎవరూ నవ్వరు. నవ్వితే నాకు చెప్పండి.

వారం పది రోజుల్లో యాసంగి వడ్లు లారీల మీద లారీలు వస్తాయి. పని పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది, ఎండ ముదురుతుంది. దెబ్బలు తగిలేది ఈ రోజుల్లోనే.

ముందు ఆపు, తాళం వెయ్యి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు

పోయిన నెల రాత్రి షిఫ్టులో రెండో ఎలివేటర్ అడుగున వడ్లు గడ్డకట్టి ఇరుక్కున్నాయి. అదే సమయానికి కరెంటు పోయింది. మిషన్ ఆగింది కదా అని మన తమ్ముడు ఒకతను మూత తీసి, వంగి, చేత్తో వడ్లు లాగడం మొదలుపెట్టాడు. స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. కరెంటు వచ్చింది. మెడలో ఉన్న తువ్వాల కొస బకెట్‌కు చిక్కింది. తువ్వాల పాతది కాబట్టి చినిగింది, మనిషి బతికాడు. కొత్తదైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఆ చినిగిన ముక్కను ఆఫీసు ముందు మేకుకు తగిలించాం. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఒకసారి చూడండి.

అందుకే ఈ రోజు నుంచి పద్ధతి ఇది. మిషన్ ఇరుక్కుంటే స్విచ్ ఆఫ్ చేయండి. ప్యానెల్ దగ్గర మెయిన్ కూడా ఆఫ్ చేయండి. దానికి ఎర్ర తాళం వేయండి. తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి, ఇంకొకరికి ఇవ్వొద్దు. పుల్లీ పూర్తిగా ఆగిందా లేదా కంటితో చూడండి. అప్పుడే మూత తీయండి. ఇద్దరు కలిసి పని చేస్తే రెండు తాళాలు వేయాలి. ఎవరి తాళం వాళ్లే తీయాలి.

కరెంటు పోయిందంటే మిషన్ ఆఫ్ అయినట్టు కాదు. ఈ మాట పదిసార్లు చెప్పినా తక్కువే.

బెల్టుల మీద, పుల్లీల మీద జాలీ తీసి మిషన్ నడపొద్దు. నడుస్తున్న మిషన్‌కు గ్రీజు పెట్టొద్దు, ఊడ్చొద్దు. మెడలో తువ్వాల, వదులు చొక్కా, చేతికి కడియం, దారాలు వద్దు. ఆడవాళ్లు చీర కొంగు నడుముకు చెక్కుకుని, జడ ముడి వేసుకుని లోపలికి రావాలి. చిన్న పిల్లలను తీసుకురావొద్దు. 14 ఏళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీలో పనికి పెట్టడం చట్టం ప్రకారం నేరం. చూడటానికి వచ్చిన పిల్లలైనా గేటు దగ్గరే ఉండాలి.

వడ్ల బిన్, డంప్ గుంట

బిన్‌లో వడ్లు గట్టి నేలలా కనిపిస్తాయి. కింద గేటు తెరిస్తే బురదలా మింగుతాయి. మోకాళ్ల దాకా దిగాక సొంతంగా బయటికి రావడం చాలా కష్టం. ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడదు. వడ్లు పైన అట్టకట్టి కిందికి జారకపోతే, బిన్‌లో దిగి తొక్కొద్దు. బయట నిలబడి పొడుగు కర్రతో పొడవండి. తప్పనిసరిగా దిగాల్సి వస్తే సూపర్‌వైజర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కింద గేటు మూసి తాళం పడాలి. నడుముకు తాడు ఉండాలి. తాడు పట్టుకుని పైన ఇద్దరు ఉండాలి. ఒకరు మునిగితే కాపాడదామని ఇంకొకరు దూకొద్దు. డంప్ గుంట మీద ఇనుప జాలీ ఎప్పుడూ ఉండాలి. లారీ వెనక్కి వస్తుంటే దాని వెనుక ఎవరూ నిలబడొద్దు. క్లీనర్ పక్కన ఉండి సైగ చేయాలి.

బాయిలర్

సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంట్ తప్ప ఇంకెవరూ వాల్వులు ముట్టొద్దు. గాజు గొట్టంలో నీళ్లు కనిపించకపోతే ఊక ఆపండి, ఫ్యాన్ ఆపండి, అందరినీ దూరం పంపండి. కంగారులో పంపు వేసి నీళ్లు పెట్టొద్దు. ఎర్రగా కాలిన బాయిలర్‌లోకి చల్లని నీళ్లు పోతే పేలుతుంది. సేఫ్టీ వాల్వుకు బరువు కట్టడం, తాడు కట్టడం చేస్తే అదే రోజు పనిలో నుంచి తీసేస్తాం.

బూడిద కుప్ప మీద నడవొద్దు. పైన చల్లగా, తెల్లగా ఉంటుంది, లోపల నిప్పు అలాగే ఉంటుంది. చెప్పులతో దిగితే పాదం కాలుతుంది. ఉడికించే ట్యాంకుల దగ్గర నేల జారుతుంది, బూట్లు వేసుకోండి.

దుమ్ము, బీడీ, మందు గోళీలు

మిల్లులో బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె వద్దు. గాలిలో లేచిన సన్నని దుమ్ముకు నిప్పు తగిలితే మంట కాదు, పేలుడే. వెల్డింగ్ చేయాలంటే చుట్టూ ఊడ్చి, నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయండి. షెల్లర్, పాలిషర్ దగ్గర మాస్క్, కళ్లద్దాలు పెట్టుకోండి. తువ్వాల ముక్కుకు కట్టుకుంటే సరిపోదు.

గోదాములో పురుగులకు పెట్టే గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. తడి తగిలితే విషపు గ్యాస్ వస్తుంది. టార్పాలిన్ కప్పి, బోర్డు పెట్టిన గోదాములోకి ఎవరూ పోవొద్దు. చల్లగా ఉందని అక్కడ పడుకోవద్దు. కుళ్లిన చేపల వాసన, వెల్లుల్లి వాసన వస్తే బయటికి వచ్చేయండి. వాసన రాలేదంటే గ్యాస్ లేదని కాదు. మిగిలిన గోళీల మీద నీళ్లు పోయొద్దు.

బస్తాలు

వడ్ల బస్తా 40 కిలోలు, బియ్యం బస్తా 50 కిలోలు. నడుముతో కాదు, మోకాళ్లు వంచి ఎత్తండి. బస్తాల నెట్టు ఇటుకల్లా అడ్డం, నిలువు మార్చి వేయండి. నెట్టు కింద నుంచి బస్తా లాగొద్దు. నెట్టు నీడలో అన్నం తినొద్దు.

ఎండ

మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో లోడింగ్ ఆపేస్తున్నాం. కూలి తగ్గదు. దాహం వేయకపోయినా అరగంటకోసారి నీళ్లు తాగండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆఫీసులో ఉన్నాయి. అయిపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. టీ చెంచాతో, అంచు దాకా మాత్రమే కొలవాలి. ఎవరైనా తడబడుతూ మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే వెంటనే నీడలోకి తెచ్చి, తడి బట్ట కప్పి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. కల్లు తాగి డ్యూటీకి రావొద్దు.

ఏదైనా జరిగితే

అంబులెన్స్ 108, ఫైర్ 101. కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద పెట్టండి. టూత్‌పేస్ట్, పసుపు పూయొద్దు. షాక్ కొట్టిన మనిషిని ముట్టకండి, ముందు మెయిన్ ఆపండి. ఊక కుప్పల్లో పాములు ఉంటాయి. కరిస్తే కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. కదలనివ్వకుండా మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మంత్రం వేసేవాళ్ల దగ్గర టైమ్ పోగొట్టొద్దు.

చిన్న దెబ్బయినా, దెబ్బ తప్పినా చెప్పండి. చెప్పినందుకు కూలి కోయం. తువ్వాల సంగతి ఆ తమ్ముడు చెప్పబట్టే తాళాలు వచ్చాయి.

తాళాలు వేసే పద్ధతిని గురువారం ఉదయం 8 గంటలకు రెండో ఎలివేటర్ దగ్గర చేసి చూపిస్తాం. రాత్రి షిఫ్టు వాళ్లు కూడా ఆగండి, టీ, ఉప్మా మిల్లు తరఫున. విన్న తర్వాత రిజిస్టర్‌లో సంతకం చేయండి, సంతకం చేయడం రానివాళ్లు వేలిముద్ర వేయండి.

ఫ్లోర్ ఇన్‌చార్జి