స్వరలిపిలోని లయ చదవడం: ఆది తాళం, మొదటి పాఠం

తరగతి: సంగీతంలో కొత్తగా చేరిన 8–10 ఏళ్ల పిల్లలు, 12 మంది. సమయం: 40 నిమిషాలు.
కావలసినవి: సుద్దముక్కలు, మెట్రోనోమ్ (నిమిషానికి 60), ఖాళీ నేల.

పాఠం ముగిసేసరికి ప్రతి బిడ్డా కొత్త పంక్తిని తాళం తప్పకుండా చదవాలి. ఈరోజు రాగం, శ్రుతి అడగవద్దు. అన్నీ ‘స’ మీదే పలికిద్దాం. చెవికి ఒకే పని ఉంటేనే కాలం నిలుస్తుంది.

నేల మీద తాళం (10 నిమిషాలు)
సుద్దతో వరుసగా 8 గడులు గీయండి. నాలుగో గడి తర్వాత, ఆరో గడి తర్వాత మందపాటి గీత పెట్టండి: లఘువు 4, ద్రుతం 2, ద్రుతం 2. పిల్లలు ఒక్కొక్కరుగా అక్షరానికొక అడుగు చొప్పున నడవాలి. మిగతావారు గడులు లెక్కపెడతారు. అప్పటికింకా లిపి చూపించవద్దు.

కాళ్లకు కాలం, చేతులకు అక్షరం (15 నిమిషాలు)
బోర్డు మీద రాయండి:

1. స స స స | స స | స స ||
2. సా స స | సా | స స ||
3. స , స స | స , | సా ||
4. సా ; | స స | సా ||

‘స’ ఒక అక్షరకాలం, ‘సా’ రెండు. కామా ఒకటి, సెమికోలన్ రెండు. అడుగు ప్రతి గడిలోనూ పడుతుంది, చప్పట్లు మాత్రం స్వరం మొదలైనచోటే. కనుక వరుసగా 8, 6, 5, 4 చప్పట్లు రావాలి.

అసలు కష్టం మూడో పంక్తిలో వస్తుంది. కామా కనబడగానే పిల్లలు ఆగిపోతారు, లేదా దాన్ని దాటేసి తొందరపడతారు. కామా అంటే ఆగడం కాదు, ముందున్న స్వరం సాగడం. చప్పట్లు కొట్టిన అరచేతులు విడదీయకుండా రెండో గడిలోకి నడిపించండి. గొంతు కూడా సాగాలి. ఈ ఒక్కటి ఒంటికి పట్టేదాకా నాలుగో పంక్తికి వెళ్లవద్దు, సమయం మించినా సరే.

ఆ తర్వాత అడగండి: “‘స ,’, ‘సా’ వింటే తేడా తెలుస్తోందా?” జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే నడిచి తేల్చుకోనివ్వండి.

చేతికి తాళం (10 నిమిషాలు)
అందరూ కూర్చోవాలి. లఘువుకు ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ద్రుతానికి దెబ్బ వేసి, అరచేయి వెల్లకిలా తిప్పడం. ఇప్పుడు చేయి తాళానిది, అక్షరం గొంతుది. చేయి తడబడిన బిడ్డను మళ్లీ గడుల్లో నిలబెట్టండి, అక్కడ త్వరగా సర్దుకుంటుంది.

పరీక్ష (5 నిమిషాలు)
సా , స | స స | సా ||
ఇద్దరిద్దరుగా చదవాలి: ఒకరు తాళం, ఒకరు గొంతు, తర్వాత మార్పు. మొదటి స్వరం మూడు అక్షరాలు నిలిస్తే చాలు. నిలవకపోతే రేపు రెండో కాలం మొదలుపెట్టకండి, మూడో పంక్తితోనే ప్రారంభించండి.