కుడివైపు వేపచెట్టు

తనను ముద్దనూరులో దించి బండి వెళ్లిపోయి పావుగంట అయ్యాక గానీ, తాను దిగవలసింది ఎర్రగుంట్లలో అన్న సంగతి శాంతలమ్మకు తట్టలేదు.

ధార్వాడలో బయలుదేరి, గుంతకల్లులో బండి మారి, ఎర్రగుంట్లలో దిగి అక్కడినుంచి నంద్యాల మార్గంలో వెళ్లే రైలులో జమ్మలమడుగు చేరాలని ఆమె కాగితం మీద రాసుకుంది. ఆ రాత్రికి జమ్మలమడుగులో ఒక లాడ్జిలో గది ఉంది. మర్నాడు గండికోట చూసి, ఆ పైరోజు కలమళ్లకు వెళ్లాలి. రేనాటి చోళ ధనుంజయుడి శాసనం, క్రీ.శ. 575 నాటిదని పండితులు చెప్పే మొట్టమొదటి తెలుగు శాసనం, దొరికిన ఊరు అది. ముప్పై ఏళ్లు కాలేజీలో హళగన్నడం, అంటే పాత కన్నడం, చెప్పిన మనిషికి ఆ ఊరి మట్టి తొక్కాలన్న కోరిక ఉండడంలో వింత లేదు. ఎదుటి సీటులోని ముసలాయనతో ఆమె అన్నది "జమ్మలమడుగు" అన్న ఒక్క మాటే. ఆయన సంచీ కూడా తానే కిందికి అందించి, "ఈడ్నే దిగాలమ్మా, ఈడ్నుంచి బస్సుండాది" అన్నాడు. ఆ మాటలో ఆమెకు అర్థమైంది బస్సు అన్నంత వరకే.

సాయంత్రం ఆరున్నర. దిగిన నలుగురైదుగురు పట్టాలు దాటి చీకట్లో కలిసిపోయారు. టికెట్ల కిటికీ మూసి ఉంది. స్టేషను మాస్టరు గదిలో ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని, రాబోయే గూడ్సు కోసం పచ్చదీపం చేతపట్టుకుని నిలబడి ఉన్నాడు. అంత పనిలో ఉన్న మనిషిని పలకరించడం శాంతలమ్మకు మర్యాద అనిపించలేదు. ఫోనులో సిగ్నల్ లేదు, ఛార్జి తొమ్మిది శాతం ఉంది.

ఆమెకు దూరపు అక్షరాలు ఆనవు. అందుకే నాలుగేళ్లుగా ఎక్కడికి వెళ్లినా బోర్డులను ఫోటో తీసి, తెర మీద వేళ్లతో పెద్దవి చేసుకుని చదవడం అలవాటైంది. ఇప్పుడూ అదే చేసింది. ప్లాట్‌ఫారం అంతా నడిచి, కనబడిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, దీపస్తంభం కింద సిమెంటు బల్ల మీద కూర్చుంది.

టికెట్ల కిటికీ పక్కన అంటించిన ప్రకటన కిందిసగం చిరిగిపోయింది. మూసిన టీకొట్టు తలుపు మీద కూడా అలాంటి కాగితమే ఉంది గానీ, దాని పైసగాన్ని ఎవరిదో ఫోటో స్టూడియో కాగితం కప్పేసింది. రెండూ చేత్తో రాసినవి, రెండూ తెలుగులోనే ఉన్నాయి. మొదటిదాని చివర మిగిలిన మాటా, రెండోదానిలో బయటపడిన మొదటి మాటా ఒకటే. రెండు చోట్ల దెబ్బతిన్న ఒకే పాఠానికి ప్రతులివి అని గ్రహించగానే, ఇంతసేపూ గుండెల్లో ఉన్న దడ కాస్త తగ్గింది. ఈ పని ఆమెకు తెలిసిన పని.

కన్నడ, తెలుగు లిపులు రెండూ ఒక తల్లి బిడ్డలే. చాలా అక్షరాలు తలకట్టు మార్చుకున్న అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పోలిక చిక్కని వాటికి ఆమె దగ్గర తాళంచెవి ఉంది: పొద్దుటి నుంచి కిటికీలోంచి తీసిన పసుపుపచ్చని స్టేషను బోర్డులు. వాటి మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. "క" ఎలా ఉంటుందో గుంతకల్లు బోర్డు చెప్పింది. "త", "ప" తాడిపత్రి బోర్డులో దొరికాయి. ఒక్కొక్క అక్షరాన్ని సరిపోల్చుకుంటూ, చీటీ వెనక కన్నడంలో రాసుకుంటూ పోయేసరికి, రెండు ముక్కలూ కలిసి ఇలా తేలాయి:

"ప్రయాణికులకు గమనిక. రైల్వే గేటు పనులు జరుగుచున్నందున జమ్మలమడుగు పోవు బస్సులు స్టేషను వద్ద ఆగవు. గేటు దాటి కుడివైపు వేపచెట్టు వద్ద ఆగును. ఆఖరి బస్సు రాత్రి 7.30."

చదవడం ఒకటి, అర్థం కావడం ఒకటి. "పోవు" దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగలేదు. పాత మాటల్లోని పకారం కన్నడంలో హకారమైందని ఆమె ఏటేటా కొత్త పిల్లలకు చెప్పిన పాఠమే. పాలు హాలు అయినట్లు, పులి హులి అయినట్లు, పోవు అంటే హోగు. వేపను చూడగానే బేవు గుర్తొచ్చింది, వకారం బకారమయ్యే దారిలో. "దాటి" ఆమె భాషలోనూ దాటియే. "ఆగు" మాత్రం తికమక పెట్టింది. కన్నడంలో దానికి జరగడం, అవడం అని అర్థం. స్టేషను దగ్గర అవనిది, బేవు చెట్టు దగ్గర అవుతుంది. సరిగ్గా ఏమవుతుందో తెలియకపోయినా, ఒకచోట కాదు, మరోచోట అవును అన్నది తెలిసింది. అది చాలనుకుంది.

"కుడి" దగ్గర పొరపడింది. కన్నడంలో కుడి అంటే తాగు. నీళ్లు తాగేచోటు, చెట్టు, అక్కడ బస్సు అని ఆమె అన్వయించుకుంది. ప్లాట్‌ఫారం చివర కుళాయి, దాని పక్కనే ఒక చెట్టూ కనబడేసరికి అనుమానమే రాలేదు. "దాటి" ఉందన్న సంగతి వదిలేసి, తనకు కావలసిన అర్థం వైపు పాఠాన్ని వంచింది. ఇతరులు శాసనాలను అలా చదివితే ఎర్ర సిరాతో గీతలు గీసిన మనిషే. చెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే అది కానుగ. ఏడుంబావు అయింది.

అప్పుడే ఒక స్త్రీ బిందెతో కుళాయి దగ్గరికి వచ్చింది. వెంట ఐదారేళ్ల పాప. ఒంటరిగా నిలబడ్డ ముసలమ్మను కాసేపు చూసి, ఆ పాప తన చేతిలోని జామకాయల్లో ఒకటి ఆమెకు అందించబోయింది.

"ఎడంచేత్తో ఇయ్యగూడదు పాపా. కుడిచేత్తో ఇయ్యి అవ్వకు" అంది తల్లి.

పాప చేయి మార్చింది.

శాంతలమ్మ జామకాయ అందుకోలేదు. ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఎడ అంటే తన భాషలోనూ ఎడమే. మరి ఎడమ కానిది కుడి. తాగడం కాదు, కుళాయి కాదు, కుడిచేతి వైపు. ఆమె చీటీ తెరిచి, పాఠంలో ఆ ఒక్క మాట కొట్టేసి, పైన తన భాషలో కుడివైపుకు వాడే "బల" అని దిద్దింది. తరువాతే జామకాయ తీసుకుని, పాప తల నిమిరింది.

"జమ్మలమడుగు," అంది తల్లివైపు తిరిగి, చేత్తో గేటు చూపి, "దాటి... కుడి... వేప?"

"ఔనమ్మా, ఆడ్నే! బిరీన పోండి, బస్సు టైమైపాయ!" అని ఆమె బిందె దించి, సంచీ ఎత్తి శాంతలమ్మ భుజానికి తగిలించింది.

గూడ్సు బండి వెళ్లిపోయి, తవ్విన మట్టి మధ్య గేటు దగ్గర కాలిబాట ఖాళీగా ఉంది. పట్టాలు జాగ్రత్తగా దాటి, మట్టిగుట్టల పక్కగా నడిచి, రోడ్డు మీదికి రాగానే కుడివైపు తిరిగింది. వేపపూత వాసన ముందుగా తగిలింది, చెట్టు తరువాత కనబడింది. దాని కింద గోనెసంచులతో ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు.

దూరంగా రెండు దీపాలు మలుపు తిరిగాయి. బోర్డు చదవడానికి ఆమె ఫోను ఎత్తింది. తెర నల్లబడిపోయింది. ఛార్జి అయిపోయింది.

ఆమె ఫోను సంచీలో వేసి, కుడిచేయి చాచింది.