గాజు ముక్కలు ఏరిన పిల్లవాడు

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఇన్నేళ్లూ నా కష్టసుఖాలు పంచుకున్న తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. నా పిల్లలందరికీ ఆశీస్సులు.

ఇందాకటి నుంచి అందరూ నా గురించి మంచే చెప్పారు. వింటుంటే కళ్లు చెమర్చాయి. కానీ ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన మనిషిగా, నేను తప్పు చేసిన ఒక రోజు గురించి చెప్పకుండా వెళ్తే ఈ సెలవు పూర్తికాదు.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఎనిమిదో తరగతి పిల్లలు ల్యాబ్‌లో ఉన్నారు. నేను బోర్డు మీద పటం గీస్తున్నాను. వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే టెస్ట్‌ట్యూబుల స్టాండు కింద పడి ఉంది, నేలంతా గాజు. ఎవరు పడేశారో నేను చూడలేదు. అయినా నా కళ్లు తిన్నగా ఒక పిల్లవాడి మీదికి వెళ్లాయి. తల దువ్వుకోడు. చొక్కాకు రెండు గుండీలు ఉండవు. జేబు కింద ఎప్పుడూ సిరా మరక. "నువ్వేనా?" అని కూడా అడగలేదు. "నువ్వే!" అన్నాను. "నేను కాదు మేడమ్" అన్నాడు, ఒక్కసారే. బయట నిలబెట్టాను.

బెల్లు కొట్టాక అందరూ వెళ్లిపోయారు. రికార్డు పుస్తకాలు మరిచిపోయానని నేను వెనక్కి వచ్చేసరికి ఆ పిల్లవాడు ల్యాబ్‌లో ఉన్నాడు. పెద్ద ముక్కలు అప్పటికే ఒక అట్ట మీద పోగేశాడు. ఇప్పుడు చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, కిటికీ వెలుతురు వైపు చూస్తున్నాడు. ఎక్కడ చిన్న తళుకు కనిపిస్తే అక్కడ తడి కాగితం అద్ది రవ్వలు తీస్తున్నాడు. "ఏం చేస్తున్నావు?" అంటే లేచి నిలబడి, "తర్వాతి పీరియడ్ ఆరో తరగతి వాళ్లు వస్తారు కదా మేడమ్, గుచ్చుకుంటాయి" అన్నాడు. తను చేయలేదని మళ్లీ చెప్పుకోలేదు.

రెండు రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. స్టాండు పడేసింది నేను ల్యాబ్ తాళాలు నమ్మి ఇచ్చే కుర్రవాడు. ఇస్త్రీ బట్టలు, పక్కపాపిడి, చక్కటి మాట. మరునాడు క్లాసులో అందరి ముందూ ఆ మొదటి పిల్లవాడికి క్షమాపణ చెప్పాను. చెప్పాను కానీ, ఆ ఇరవై నిమిషాలు గుమ్మం బయట నిలబడ్డ పిల్లవాణ్ణి మళ్లీ లోపలికి తీసుకురాలేను కదా.

నేనొక్కదాన్నే ఇలా చేశానేమో అని చాలాకాలం కుమిలిపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. సైన్యంలో పై అధికారులు తమ కింది వాళ్లకు ఇచ్చిన అంచనాలను థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించి 1920లో ఒక వ్యాసం రాశారు. మనిషి ఒడ్డూ పొడుగూ బాగున్నాడనిపిస్తే, తెలివికీ నాయకత్వానికీ చివరికి శీలానికీ కూడా మంచి మార్కులే పడుతున్నాయట. దీన్నే హాలో ఎఫెక్ట్ అంటారు. 1973లో ఇద్దరు పరిశోధకులు టీచర్లకే పరీక్ష పెట్టారు. ప్రోగ్రెస్ రిపోర్టు ఒకటే, అంటించిన ఫోటోలు మాత్రం వేరు. ముద్దుగా ఉన్న పిల్లల్నే టీచర్లు ఎక్కువ తెలివైనవాళ్లుగా అంచనా వేశారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కంటికి రూపమే ముందు కనపడుతుంది, దాన్ని ఆపమని నేను అనను. తీర్పు మాత్రం ఆపండి. గుణం తెలియాలంటే రోజులు పడుతుంది. ఓడిపోయినప్పుడు ఎలా ఉన్నాడు, తనకు ఏ లాభమూ చేయలేని వాళ్లతో ఎలా మాట్లాడుతోంది, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నారు, అవి చూడండి. నల్లగా ఉందని, లావుగా ఉన్నాడని, మాట తడబడుతుందని, పాత బట్టలు కట్టుకుందని మీరు పెట్టే ముద్దుపేర్లు నాకు స్టాఫ్‌రూమ్‌లోకి వినిపిస్తూనే ఉన్నాయి. మీకవి ముద్దుపేర్లు. మోసేవాళ్లకు కావు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాళ్లంతా దొంగలని అనుకునేరు, అదీ అంతే తప్పు. తాళాలు మోసిన ఆ కుర్రవాడు పదో తరగతి చివరి రోజున నా దగ్గరికి వచ్చి, "అప్పుడు భయపడ్డాను మేడమ్" అని ఏడ్చాడు. రెండేళ్లు దాన్ని మనసులో మోశాడు. ఆ ఒక్క రోజు మౌనాన్ని బట్టి అతణ్ణి కొలిచి ఉంటే నేను రెండోసారి తప్పు చేసేదాన్ని.

సోమవారం మీకు కొత్త సైన్స్ మాస్టారు వస్తున్నారు. మొన్న ఆయన బడి చూసి వెళ్తున్నప్పుడు, ఆయన నడక చూసి వరండాలో కొందరు నవ్వారు. ఆయనా విన్నారు, నేనూ విన్నాను. ఎవరో నేను అడగను. ఆయన మాత్రం ఆ రోజు ల్యాబ్‌లో గంటసేపు కూర్చుని, పని చేయని మైక్రోస్కోపు అద్దాలు ఒక్కొక్కటే విప్పి తుడిచి బిగించారు. ఇప్పుడది పని చేస్తోంది. సోమవారం వెళ్లి చూడండి.

ల్యాబ్ తాళాలు ఆయనకు ఇచ్చేశాను. ఉంటాను, పిల్లలూ.